కట్టి చూస్తేనే సర్క్యూట్ వస్తుంది: ఎలక్ట్రానిక్స్ క్లబ్‌లో కొత్తగా చేరినవాళ్లు తరచుగా అడిగే ప్రశ్నలు

క్లబ్‌లో చేరిన మొదటి సంవత్సరం తమ్ముళ్లకు, చెల్లెళ్లకు స్వాగతం. ఏటా స్వాగత సభలో సీనియర్లలో ఒకరు మాట్లాడటం మన దగ్గర ఆనవాయితీ, ఈసారి ఆ వంతు నాది. ప్రసంగం అయిపోయాక టేబుల్ చుట్టూ చేరి మీరు అడిగే ప్రశ్నల్లోనే అసలు సంగతి ఉంటుంది కాబట్టి, నేను చెప్పాలనుకున్నదంతా ప్రశ్నలు, జవాబులుగా రాసి ఇస్తున్నాను. ఇందులో ఉన్నది ఒక్క సర్క్యూటే. చీకటి పడితే దానంతట అదే వెలిగే ఎల్ఈడీ. పది సర్క్యూట్లు పైపైన చూసేకంటే ఈ ఒక్కదాన్ని ప్రతి వోల్టూ అర్థమయ్యేదాకా తవ్వమని నా సలహా.

అక్కా, మాకింకా ట్రాన్సిస్టర్ పాఠం కాలేదు. ఇప్పుడే కట్టొచ్చా?

కట్టొచ్చు. ఓమ్ సూత్రం వస్తే చాలు. V = IR తెలిసినవాళ్లకు ఈ సర్క్యూట్‌లో ముప్పావు వంతు లెక్క వచ్చేసినట్టే. మిగతా పావు వంతు ట్రాన్సిస్టర్ గురించి. దాన్ని బోర్డు మీద ఒకసారి కొలిచి చూసినవాళ్లకు, తర్వాత క్లాసులో ఆ గ్రాఫులు గీసినప్పుడు అవి దేని గురించో తెలుస్తుంది.

ఆర్డుయినోతో మొదలుపెడితే తొందరగా వస్తుందంటున్నారు కదా?

ఎల్ఈడీ తొందరగా వెలుగుతుంది, నిజమే. కానీ వెలగకపోతే తప్పు కోడ్‌లో ఉందా, వైర్లలో ఉందా, బోర్డులో ఉందా అని మూడు చోట్ల వెతకాలి. ఇప్పుడే చేరినవాళ్లకు అది అనవసరమైన టెన్షన్. ఈ చీకటి సర్క్యూట్‌లో ఉన్నవి అయిదు వస్తువులు, వాటిలో ప్రతిదాన్నీ మల్టీమీటర్‌తో పట్టి చూడొచ్చు. ఆర్డుయినో రెండో సెమిస్టర్‌లో ఎలాగూ చేస్తాం.

ఏమేం తెచ్చుకోవాలి? తిరుపతిలో దొరుకుతాయా?

9 వోల్టుల బ్యాటరీ ఒకటి, దాని క్లిప్పు, కాళ్లు గుచ్చి సర్క్యూట్ కట్టే బ్రెడ్‌బోర్డు ఒకటి, కాసిని జంపర్ వైర్లు. ఎర్ర ఎల్ఈడీ ఒకటి, 470 ఓమ్‌ల రెసిస్టర్ ఒకటి, 100 కే, అంటే లక్ష ఓమ్‌ల రెసిస్టర్ ఒకటి, వెలుగు పడితే నిరోధం తగ్గే ఎల్‌డీఆర్ ఒకటి, ఒక బీసీ547 ట్రాన్సిస్టర్. రెసిస్టర్లు, ట్రాన్సిస్టర్లు రెండేసి తీసుకోండి, ధర రూపాయల్లోనే ఉంటుంది. వీటికోసం చెన్నై వెళ్లక్కర్లేదు. ఊళ్లో టీవీ, రేడియో రిపేరు సామాన్లు అమ్మే కొట్లలో దొరుకుతాయి. సప్తగిరి ఎక్స్‌ప్రెస్ ఎక్కి రిచీ స్ట్రీట్ దాకా వెళ్లేది పెద్ద ప్రాజెక్టులప్పుడు.

కొట్లో బీసీ547 లేదని 2ఎన్3904 ఇస్తే తీసుకోవచ్చు, పని అదే చేస్తుంది. కాళ్ల వరుస మాత్రం తిరగబడి ఉంటుందని గుర్తుపెట్టుకోండి. బీసీ547 చదును వైపు మీకు ఎదురుగా, కాళ్లు కిందికి పెట్టి చూస్తే ఎడమ నుంచి కలెక్టర్, బేస్, ఎమిటర్. 2ఎన్3904లో ఎమిటర్, బేస్, కలెక్టర్.

రెసిస్టర్ల రంగులు బోర్డులో గుచ్చేముందే చూసుకోండి. 470కి పసుపు, ఊదా, గోధుమ. 100 కేకి గోధుమ, నలుపు, పసుపు. సాయంత్రం ట్యూబ్‌లైట్ కింద ఎరుపుకి, నారింజకి తేడా సరిగా తెలియదు కాబట్టి, ప్రతి రెసిస్టర్‌నూ ఒకసారి మీటర్‌తో చదవడం అలవాటు చేసుకోండి.

సరే, అన్నీ తెచ్చాం. ఎక్కడ మొదలుపెట్టాలి?

మొత్తం సర్క్యూట్ ఒకేసారి గుచ్చి బ్యాటరీ తగిలించొద్దు. మూడు ముక్కలుగా కట్టండి. ప్రతి ముక్కకూ బ్యాటరీ పెట్టేముందు, ఎక్కడ ఎంత వోల్టేజీ రావాలో నోట్‌బుక్‌లో రాయండి. ఆ తర్వాతే మీటర్ పెట్టండి. మన క్లబ్‌లో నేను గట్టిగా పట్టుబట్టే నియమం ఇదొక్కటే. అంకె ముందే రాసుకున్నవాళ్లకు మీటర్ చూపించేది జవాబు అవుతుంది. రాయనివాళ్లు ఏ అంకె కనిపించినా సరేలే అనుకుని ముందుకు వెళ్లిపోతారు.

మొదటి ముక్క: బ్యాటరీ ప్లస్ నుంచి 470 ఓమ్‌ల రెసిస్టర్, అక్కడి నుంచి ఎల్ఈడీ, అక్కడి నుంచి మైనస్. ఎల్ఈడీ పొడుగు కాలు ప్లస్ వైపు ఉండాలి. ఎర్ర ఎల్ఈడీ సుమారు 2 వోల్టులు తీసుకుంటుంది, మిగతా 7 రెసిస్టర్ మీద పడాలి. 7ని 470తో భాగిస్తే 15 మిల్లీ ఆంపియర్ల దగ్గర వస్తుంది, ఎల్ఈడీకి అది సురక్షితం. కొలిస్తే మీ ఎల్ఈడీ మీద 1.9 రావచ్చు, రెసిస్టర్ మీద 7.1 రావచ్చు. రెండూ కలిపితే బ్యాటరీ వోల్టేజీ రావాలి. రాకపోతే ముందుకు వెళ్లొద్దు.

రెండో ముక్క: ఎల్ఈడీని పక్కన పెట్టి, ప్లస్ నుంచి 100 కే రెసిస్టర్, దాని కింద ఎల్‌డీఆర్, ఎల్‌డీఆర్ రెండో కాలు మైనస్‌కి. ఈ రెండూ కలిసే చోటు మనకు ముఖ్యం, దాన్ని నడిమి బిందువు అందాం. ముందు ఎల్‌డీఆర్‌ను విడిగా మీటర్‌తో చదవండి. పగలు కిటికీ దగ్గర ఒకటి రెండు కే ఓమ్‌లు చూపిస్తుంది. నల్ల పెన్ను మూత తొడిగితే వందల కే దాటుతుంది, అదీ ఒక్కసారిగా కాదు, కొన్ని సెకన్లపాటు అంకె పెరుగుతూనే ఉంటుంది. ఎల్‌డీఆర్ స్వభావతః నెమ్మది.

ఇప్పుడు లెక్క రాయండి. కిటికీ దగ్గర ఎల్‌డీఆర్ 2 కే అయితే నడిమి బిందువు దగ్గర:

```
9 × 2 / (100 + 2) = 0.18 V
```

మూత తొడిగి 1000 కే అయితే:

```
9 × 1000 / (100 + 1000) = 8.2 V
```

వెలుగులో దాదాపు సున్నా, చీకట్లో దాదాపు బ్యాటరీ అంత. మూత తీసి, పెట్టి, ఈ అంకె కిందికీ పైకీ కదలడం మీ కళ్లతో చూడండి.

మూడో ముక్క: ట్రాన్సిస్టర్. ఎమిటర్ మైనస్‌కి. కలెక్టర్ నుంచి పైకి ఎల్ఈడీ, దాని పైన 470 రెసిస్టర్, అక్కడి నుంచి ప్లస్. బేస్ నడిమి బిందువుకి. మూత తొడగండి, ఎల్ఈడీ వెలుగుతుంది. తీయండి, ఆరిపోతుంది.

వెలిగింది! కానీ బేస్ దగ్గర 8.2 రావాలి కదా, 0.7 మాత్రమే వస్తోంది. ఏది పాడైంది?

ఏదీ పాడవలేదు. ఏటా ఈ ప్రశ్న దగ్గరే బ్యాచ్ అంతా ఆగిపోతుంది. ఆగాలి కూడా.

మీ లెక్క తప్పు కాదు. అది ట్రాన్సిస్టర్ లేనప్పటి లెక్క. బేస్‌ను తగిలించగానే నడిమి బిందువుకి ఇంకో దారి తెరుచుకుంది. బేస్ నుంచి ఎమిటర్‌కి లోపల ఒక డయోడ్ ఉంటుంది. దాని మీద సుమారు 0.6 వోల్టు వచ్చేదాకా అది కరెంటును దాదాపు రానివ్వదు. ఆ మెట్టు దాటితే కరెంటు దూసుకుపోతుంది, వోల్టేజీ మాత్రం 0.7 దగ్గరే ఆగిపోతుంది. నీళ్ల తొట్టికి పక్కన ఒక ఎత్తులో కంత ఉంటే, పైనుంచి ఎంత పోసినా నీళ్లు ఆ ఎత్తు దాటి నిలవవు కదా, అలాంటిదే ఇది.

కాబట్టి చీకట్లో వోల్టేజీ చూసి ఏమీ తెలియదు, కరెంటు లెక్క వేయాలి. 100 కే రెసిస్టర్‌కి ఒక చివర 9, ఇంకో చివర 0.7. దాని గుండా వచ్చే కరెంటు:

```
(9 − 0.7) / 100 kΩ = 83 µA
```

ఎల్‌డీఆర్ చీకట్లో వందల కే ఉంది కాబట్టి అది తాగేది ఒకటి రెండు మైక్రో ఆంపియర్లే. మిగతాదంతా బేస్‌లోకి. ట్రాన్సిస్టర్ గెయిన్, అంటే బేస్ కరెంటుకి ఎన్ని రెట్లు కలెక్టర్‌లో లాగగలదో ఆ అంకె, 200 అనుకుంటే 16 మిల్లీ ఆంపియర్ల దాకా లాగగలదు. ఎల్ఈడీకి కావలసింది 15. సరిపోయింది, కానీ అంచుమీద సరిపోయింది.

ఆ అంచు ఎందుకు ముఖ్యమో పక్కవాళ్ల బోర్డు చూస్తే తెలుస్తుంది. బీసీ547 అన్నీ ఒకలాంటివి కావు. చివర ఏ అని ఉంటే గెయిన్ 110 నుంచి 220, బీ అయితే 200 నుంచి 450, సీ అయితే 420 నుంచి 800. అదే సర్క్యూట్, అవే రెసిస్టర్లు పెట్టినా, ఏ రకం ట్రాన్సిస్టర్ ఉన్నవాళ్ల ఎల్ఈడీ కొంచెం మసకగా ఉండొచ్చు. మీ మీటర్ మీద హెచ్‌ఎఫ్‌ఈ అని రాసిన గుండ్రటి సాకెట్ ఉంటే, ట్రాన్సిస్టర్‌ను అందులో గుచ్చి మీదాని గెయిన్ ఎంతో చూసుకుని లెక్క మళ్లీ వేయండి.

బేస్ రెసిస్టర్‌గా 10 కే పెట్టమని చాలాచోట్ల ఉంది. మనం 100 కే ఎందుకు పెట్టాం?

మార్చి చూడండి. 10 కే పెడితే బేస్ కరెంటు పది రెట్లు అవుతుంది, ఎల్ఈడీ చీకట్లో నిండుగా వెలుగుతుంది. కానీ గదిలో లైటు వేసినా ఆరదు. ఎందుకంటే నడిమి బిందువు 0.6 కంటే కిందికి దిగాలంటే ఎల్‌డీఆర్ 0.7 కే కంటే తక్కువ కావాలి. అంత తక్కువ కావాలంటే ఎండలోకి తీసుకెళ్లాలి. 100 కే పెడితే ఆ హద్దు 7 కే దగ్గరికి వస్తుంది, కిటికీ వెలుగులో ఆరుతుంది. 220 కే పెడితే హద్దు 16 కే దగ్గరికి జరుగుతుంది, అంటే ఇంకా చీకటి పడ్డాకే వెలగడం మొదలవుతుంది. అయితే బేస్ కరెంటు 38 మైక్రో ఆంపియర్లకు పడిపోతుంది కాబట్టి ఎల్ఈడీ సగం వెలుగే ఇస్తుంది.

ఒకే రెసిస్టర్ మీద రెండు పనులు పెట్టాం: ఎంత చీకటికి వెలగాలో చెప్పడం, ఎంత గట్టిగా వెలగాలో చెప్పడం. ఒకటి బాగుచేస్తే రెండోది చెడుతుంది. పుస్తకంలో 10 కే అని ఉండేది స్విచ్‌గా వాడే సర్క్యూట్లకు, అక్కడ బేస్‌కి పూర్తి వోల్టేజీ ఇస్తారు, ఎల్‌డీఆర్ ఉండదు.

కంప్యూటర్‌లో సర్క్యూట్ గీసి నడిపే సిమ్యులేటర్‌లో బ్రహ్మాండంగా పనిచేసింది. బోర్డు మీద మాత్రం చీకటి గదిలో కూడా ఎల్ఈడీ సగమే వెలుగుతోంది. ఎందుకు?

ముందు కలెక్టర్‌కీ ఎమిటర్‌కీ మధ్య వోల్టేజీ కొలవండి. ట్రాన్సిస్టర్ పూర్తిగా తెరుచుకుంటే అక్కడ 0.2 వోల్టు దగ్గర ఉండాలి. మీకు 2 వోల్టులకు పైన కనిపిస్తే అది సగమే తెరుచుకుంది. ఇప్పుడు ఎల్ఈడీకి, ఎల్‌డీఆర్‌కి మధ్య ఒక అట్టముక్క అడ్డంపెట్టి మీటర్ చూడండి. అంకె దిగి, ఎల్ఈడీ వెలుగు పెరిగితే కారణం దొరికినట్టే. మీ ఎల్ఈడీ వెలుగే మీ ఎల్‌డీఆర్ మీద పడుతోంది.

లెక్క వేద్దాం. ఎల్ఈడీ వెలుగు పడి ఎల్‌డీఆర్ 20 కేకి దిగిందనుకోండి. దాని మీద 0.7 వోల్టు ఉంది కాబట్టి అది 35 మైక్రో ఆంపియర్లు తాగేస్తుంది. వచ్చే 83లో బేస్‌కి మిగిలేది 48. రెండు వందల రెట్లు చేస్తే 9.6 మిల్లీ ఆంపియర్లు. 470 రెసిస్టర్ మీద 4.5 వోల్టులు, ఎల్ఈడీ మీద 2, మిగతా 2.5 ట్రాన్సిస్టర్ మీద. ఎల్ఈడీ ఇంకాస్త వెలగబోతే ఎల్‌డీఆర్ ఇంకాస్త తాగి దాన్ని కిందికి లాగుతుంది. తగ్గబోతే వదిలి పైకి పంపుతుంది. అలా ఒక మధ్య స్థితిలో రెండూ సర్దుకుంటాయి. దీన్నే నెగెటివ్ ఫీడ్‌బ్యాక్ అంటారు. మూడో సంవత్సరంలో ఆంప్లిఫయర్ల కింద చదువుతారు, మీరు మాత్రం అట్టముక్కతో ముందే చూసేశారు.

సిమ్యులేటర్ అబద్ధం చెప్పలేదు. అక్కడ ఎల్‌డీఆర్ విలువను మీరు స్లైడర్‌తో పెడతారు, పక్కనున్న ఎల్ఈడీ దానికి కనబడదు. మనం గీసిన వైర్లే దానికి తెలుసు. వెలుగు దారిలో వచ్చిన ఈ సంబంధాన్ని సర్క్యూట్ బొమ్మలో మనం గీయలేదు. సిమ్యులేటర్ వాడొద్దని నేను అనను, 100 కేనా 220 కేనా అని తేల్చుకోవడానికి బాగా పనికొస్తుంది. కానీ బొమ్మలో లేని సంగతి బోర్డు మీదే బయటపడుతుంది.

పరిష్కారం సులువే. ఎల్‌డీఆర్‌కి నల్ల స్ట్రా ముక్కో, నల్ల టేపు చుట్టిన గొట్టమో తొడిగి, దాన్ని కిటికీ వైపు తిప్పండి. ఎల్ఈడీని బోర్డు రెండో చివరకు జరపండి.

అసలు వెలగడమే లేదు. ఎక్కడి నుంచి చూడాలి?

అన్నీ పీకి మళ్లీ గుచ్చొద్దు. పీకితే తప్పు ఎక్కడుందో ఎప్పటికీ తెలియదు. బ్యాటరీ వైపు నుంచి ఒక్కో అడుగు రండి.

వోల్టేజీని బ్యాటరీ మీద కాదు, బోర్డు మీద, మీ 470 రెసిస్టర్ కాలు గుచ్చిన చోట కొలవండి. పొడుగు బ్రెడ్‌బోర్డుల్లో పక్కన ఎర్ర గీత ఉన్న వరుస చాలావాటిలో మధ్యలో తెగి ఉంటుంది. సగం బోర్డుకి సప్లై ఉంటుంది, సగానికి ఉండదు. గీత మధ్యలో ఆగి మళ్లీ మొదలైతే అక్కడ ఒక వైరు వేసి కలపాలి. అలాగే బ్యాటరీ పాతదైతే, ఏమీ తగిలించనప్పుడు 9 చూపించి, ఎల్ఈడీ పెట్టగానే బాగా దిగిపోతుంది. సర్క్యూట్ తగిలించి ఉంచే కొలవాలి.

సప్లై ఉంటే, కలెక్టర్‌నూ ఎమిటర్‌నూ ఒక వైరుతో కలపండి. 470 రెసిస్టర్ ఉంది కాబట్టి భయం లేదు. ఎల్ఈడీ వెలిగితే ఎల్ఈడీ, రెసిస్టర్ రెండూ బాగున్నట్టే. వెలగకపోతే ఎల్ఈడీ తిరగబడింది, లేదా కాలు పక్క వరుసలో పడింది.

ఎల్ఈడీ బాగుంటే, మూత తొడిగి బేస్ దగ్గర కొలవండి. 0.7 ఉంటే బేస్ దారి సరిగా ఉంది. 7, 8 వోల్టులు కనిపిస్తే కరెంటుకి పోయే దారి లేదు, అంటే ఎమిటర్ మైనస్‌కి తగల్లేదు, లేదా ట్రాన్సిస్టర్ లోపల తెగింది. ఒక చిక్కు మాత్రం ఉంది. కలెక్టర్, ఎమిటర్ తారుమారైనా బేస్ దగ్గర 0.7 ప్రాంతంలోనే చూపిస్తుంది, ఎందుకంటే ఆ వైపు కూడా డయోడ్ ఉంది. ఆ స్థితిలో గెయిన్ చాలా తక్కువ కాబట్టి ఎల్ఈడీ మిణుకుమంటుంది, లేదా అసలు వెలగదు. బేస్ సరిగ్గా ఉండి ఎల్ఈడీ రాకపోతే, ట్రాన్సిస్టర్‌ను తిప్పి గుచ్చి చూడండి.

రెండో ముక్కలో లెక్కకి 8.2 వచ్చింది, మీటర్ 7.5 చూపించింది. మీటర్ తప్పా?

మీటర్ కూడా సర్క్యూట్‌లో ఒక రెసిస్టరే. చవక డిజిటల్ మీటర్లలో చాలావాటికి వోల్టేజీ రేంజిలో లోపలి నిరోధం 1 మెగోమ్. మీ ఎల్‌డీఆర్ కూడా 1 మెగోమ్ దగ్గర ఉంటే, రెండూ పక్కపక్కన చేరి 500 కే అవుతాయి. 9ని 500తో గుణించి 600తో భాగిస్తే 7.5 వస్తుంది, మీకు కనిపించింది అదే. 10 మెగోమ్ ఉన్న మంచి మీటర్ పెడితే 8.1 చూపిస్తుంది. ఎల్ఈడీ దగ్గర ఈ బాధ ఉండదు, అక్కడున్నవి ఓమ్‌ల్లోని విలువలు.

ఏమైనా కాలిపోతుందేమోనని భయంగా ఉంది.

9 వోల్టుల బ్యాటరీతో మీకు ఏమీ కాదు. వస్తువులు మాత్రం పోవచ్చు. రెండు చోట్ల జాగ్రత్త: 470 లేకుండా ఎల్ఈడీని నేరుగా బ్యాటరీకి పెట్టొద్దు, 100 కే లేకుండా బేస్‌ను నేరుగా ప్లస్‌కి పెట్టొద్దు. మీటర్‌ను కరెంటు రేంజిలో ఉంచి బ్యాటరీకి తగిలిస్తే లోపలి ఫ్యూజు పోతుంది, కొలత మార్చిన ప్రతిసారీ నాబ్ వైపు ఒకసారి చూడండి. ఇంటి కరెంటుతో, రిలే పెట్టి అసలు బల్బు వెలిగిస్తామంటే మాత్రం మొదటి సంవత్సరంలో ఒప్పుకోం. అది సీనియర్ పక్కన ఉన్నప్పుడే.

మాది వెలుగుతోంది, ఆరుతోంది. కానీ సాయంత్రం ఆరు దాటాక చాలాసేపు మసకగా ఉండి, మెల్లగా పెరుగుతోంది. ఠక్కున వెలగాలంటే?

కొండల వెనక పొద్దు వాలే వేళ దాన్ని కిటికీలో పెట్టి చూశారంటే మంచి పని చేశారు. ఎల్‌డీఆర్ 7 కే దగ్గర ట్రాన్సిస్టర్ తెరుచుకోవడం మొదలుపెట్టి, సుమారు 90 కే దాటాకే పూర్తిగా తెరుచుకుంటుంది. వెలుగు తగ్గుతూ ఎల్‌డీఆర్ ఆ మధ్య దూరమంతా నడిచేదాకా ఎల్ఈడీ మసకే.

దీనికి రెండో ట్రాన్సిస్టర్ కావాలి. మొదటిదాని ఎమిటర్‌ను మైనస్ నుంచి తీసి రెండోదాని బేస్‌కి కలపండి, రెండోదాని ఎమిటర్‌ను మైనస్‌కి, రెండు కలెక్టర్లనూ ఒకదానికొకటి. దీన్ని డార్లింగ్టన్ జత అంటారు. గెయిన్ 200ను ఇంకో 200తో గుణించినంత అవుతుంది కాబట్టి, బేస్‌కి ఒక మైక్రో ఆంపియర్ లోపే చాలు. అప్పుడు పైన 220 కే ధైర్యంగా పెట్టొచ్చు. హద్దును నిర్ణయించే పని ఆ రెసిస్టర్‌ది, వెలిగించే పని ట్రాన్సిస్టర్లది, ఇందాక కలిసిపోయిన రెండు పనులూ విడిపోయాయి. ఎల్ఈడీ ఇప్పుడు 30 నుంచి 40 కే మధ్యలోనే పూర్తిగా మారిపోతుంది. ఎల్‌డీఆర్ మీది నల్ల గొట్టం మాత్రం తీయొద్దు, ఇక్కడ దాని అవసరం ఇంకా ఎక్కువ.

కట్టేముందు రెండు అంకెలు రాయండి: వెలిగినప్పుడు మొదటి బేస్ దగ్గర ఎంత ఉండాలి, కలెక్టర్ దగ్గర ఎంత మిగలాలి. ఒక చిన్న సూచన: దారిలో ఇప్పుడు డయోడ్లు రెండు ఉన్నాయి, కలెక్టర్ దగ్గర ఈసారి 0.2 రాదు. ఆ రెండు అంకెలూ నోట్‌బుక్‌లో రాసుకుని వస్తే, రెండో ట్రాన్సిస్టర్ నేనిస్తాను.